మూసిన మార్కెట్లో పెరిగిన బంగారం

కథ రాత్రి 11:20కి మొదలవుతుంది. మర్నాడు పొద్దున పదకొండు కాకముందే అయిపోతుంది. ఈ మధ్యలో తులం బంగారం 1,300 రూపాయలు పెరుగుతుంది. పెరుగుతున్నట్టు మాత్రం ఎవరికీ కనిపించదు. అది పెరిగే వేళకు మార్కెట్ మూసి ఉంది, కుర్రాడు నిద్రలో ఉన్నాడు, తల్లి వాకిట్లో సాన్పి చల్లుతోంది.

పోయిన చలికాలం మేడ్చల్‌లో ఒక మిత్రుడి ఇంట్లో నలుగురం కథలు చదువుకుంటుంటే విన్నాను దీన్ని. రాసిన పిల్లవాడికి పాతికేళ్లు దాటి ఎంతో కాలం కాలేదు. చదువుతున్నప్పుడు కాగితం నుంచి తలెత్తలేదు. ఇంకా అచ్చు కాలేదు, పేరు కూడా పెట్టలేదు. పదకొండు పేజీల కథ. ఆ రాతప్రతి అడిగి తెచ్చుకుని ఇప్పటికి నాలుగుసార్లు చదివాను. ప్రతిసారీ పనితనం ఇంకొకటి బయటపడింది. తన పేరు ఎక్కడా రాయొద్దన్నాడు కాబట్టి రాయడం లేదు.

కథకు ఆధారం నిజంగా జరిగిన సంగతే. 2022 జులై 1, శుక్రవారం. కేంద్ర ప్రభుత్వం బంగారం మీద మూల కస్టమ్స్ సుంకాన్ని ఏడున్నర శాతం నుంచి పన్నెండున్నరకు పెంచింది. సెస్సులన్నీ కలిపి చూస్తే 10.75గా ఉన్నది 15 శాతం అయింది. అది బడ్జెట్ కాలం కాదు, ముందు ఎలాంటి సూచనా లేదు. రూపాయి డాలరుకు 79 దగ్గర కొట్టుమిట్టాడుతోంది. ఆ మే నెల ఒక్కదానిలోనే 107 టన్నుల బంగారం దేశంలోకి దిగిందని ప్రభుత్వం కారణం చెప్పింది. ఉత్తర్వు తేదీ జూన్ 30. జనానికి తెలిసేసరికి మర్నాడు తెల్లారింది.

కథలో ఈ వివరాల్లో ఒక్కటీ లేదు. కుర్రాడికి తెలిసినంత మేరకే పాఠకుడికీ తెలుస్తుంది.

కుర్రాడికి కథలో పేరు లేదు. తల్లి 'చిన్నోడా' అంటుంది, అక్క 'అరేయ్' అంటుంది, తండ్రి అసలు పిలవనే పిలవడు, నేరుగా మాట మొదలుపెడతాడు. డిగ్రీ చదివి ఖాళీగా ఉన్నాడు. ఫోన్లో ఎంసీఎక్స్‌లో గోల్డ్ మినీ ఆడతాడు. తండ్రి తుర్కపల్లి మందుల కంపెనీలో రాత్రి కాపలా. శ్రావణంలో అక్క పెళ్లి. నాలుగు తులాల బంగారం పెడతామని మాటిచ్చారు. డబ్బు ఇంట్లోనే, బియ్యం డబ్బాలో, చేతిరుమాల్లో కట్టి ఉంది.

గురువారం నాడే కొనేద్దామంటాడు తండ్రి. ఇక్కడ రచయిత వేసిన మొదటి ముడి చూడండి. కొడుకేమో, "ధర దిగుతున్నది నాయినా, రేపటికి ఇంకింత దిగుతది, ఆగుండ్రి" అంటాడు. తల్లి కూడా ఆగుదామనే అంటుంది, అయితే కారణం వేరు. "శుక్రారం కొందాం, లచ్చిందేవి దినం" అంటుంది. నిర్ణయం ఒకటే, దాని వెనక కారణాలు రెండు. ఒక్క కారణమే ఉంటే తర్వాత జరిగినదానికి నింద ఒకరి మీద పడి, కథ 'తప్పు చేసిన కొడుకు' కథగా మారిపోయేది. రెండు కారణాలు పక్కపక్కన పెట్టడంతో నింద ఎక్కడా నిలవదు. కొడుకు మాత్రం దాన్ని తన మీదే వేసుకుంటాడు. మనం ఆ పిల్లవాణ్ని కాదనలేం, అవునని కూడా అనలేం.

ఇక అసలు పనితనం గురించి చెప్పాలి. దానికి ముందు ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో కాస్త తెలియాలి.

ఎంసీఎక్స్‌లో గోల్డ్ మినీ ఒక లాటు అంటే 100 గ్రాములు, మన లెక్కలో పది తులాలు. ధర మాత్రం పది గ్రాములకు చెబుతారు. కాబట్టి తెర మీద ధర ఒక రూపాయి కదిలితే, లాటు పట్టుకున్నవాడికి పది రూపాయలు కదిలినట్టు. చేతిలో బంగారం లేకపోయినా ముందు అమ్మి తర్వాత కొనొచ్చు. ధర దిగితే లాభం, ఎక్కితే నష్టం. అయిదు లక్షల పైచిలుకు విలువైన సరుకుకు దానిలో చిన్న భాగం మార్జిన్‌గా కడితే చాలు. మన కుర్రాడు ఖాతాలో ఉన్న 45,000 రూపాయలతో 50,600 దగ్గర ఒక లాటు అమ్మి కూర్చున్నాడు. ధర 50,800కు ఎక్కితే దానంతటదే కొనేసి బయటపడేలా స్టాప్‌లాస్ పెట్టుకున్నాడు. రెండు వందలు ఇంటూ పది, అంటే 2,000. ఎంత పోయినా అంతకు మించి పోదని అతని ధైర్యం.

ఎండాకాలం వేళల్లో ఎంసీఎక్స్ రాత్రి పదకొండున్నరకు మూస్తారు. పొద్దున తొమ్మిదికి తెరుస్తారు. స్టాప్‌లాస్ ఆర్డరు ఆ రోజు వరకే పనిచేస్తుంది, మార్కెట్ మూయగానే అదీ చచ్చిపోతుంది. అమ్మిన లాటు మాత్రం మిగిలి ఉంటుంది. కాపలావాడు డ్యూటీ దిగి వెళ్లిపోయాడు, ఇల్లు అక్కడే ఉంది.

ఆ పోలిక నాది. రచయిత ఇంకా మంచి పని చేశాడు. 11:30కి కుర్రాడి ఫోన్లో ఆర్డరు రద్దయినట్టు చిన్న గుర్తు వస్తుంది. రోజూ వచ్చేదే కాబట్టి చూసి వదిలేస్తాడు. సరిగ్గా ఆ తర్వాతి వాక్యంలో తండ్రి కాపలా కాస్తున్న కంపెనీ గేటు వస్తుంది. తండ్రి అక్కడ కుర్చీలో కూర్చుని, కునుకు రాకుండా చేతి కర్రతో నేల మీద తడుతుంటాడు. ఈ రెండు వాక్యాల మధ్య 'అక్కడ', 'అదే సమయంలో' లాంటి అతుకు మాట ఒక్కటి కూడా లేదు. ఈ కథలో నాకు చాలా ఇష్టమైన చోటు ఇది. మార్కెట్ గురించి ఏమీ తెలియని పాఠకుడికి కూడా ఏదో ఒకటి కాపలా లేకుండా పడి ఉందని గుండెకు తెలుస్తుంది.

అక్కడి నుంచి తొమ్మిదిన్నర గంటలు. కథలో సగం పేజీలు ఈ గంటలవే. మార్కెట్ కథ రాసేవాళ్లు మామూలుగా తెరిచి ఉన్న మార్కెట్‌నే రాస్తారు, అంకెలు ఎగిరిపడడం, కేకలు, చెమటలు. ఈయన మూసి ఉన్న మార్కెట్‌ను రాశాడు.

కుర్రాడు నిద్రపోడు. మన మార్కెట్ మూసినా అమెరికా మార్కెట్ నడుస్తూనే ఉంటుంది కదా, ఫోన్లో ఆ ధర చూస్తుంటాడు. ఔన్సుకు ఒక డాలర్ దిగుతుంది, రెండు, నాలుగు. ఒక్కో డాలర్‌ను మనసులో రూపాయల్లోకి మార్చుకుంటాడు. రచయిత ఆ లెక్క చెప్పడు, జవాబు మాత్రమే ఇస్తాడు, "డాలరుకు ఇరవై ఎనిమిది". చేసి చూశాను. ఔన్సు అంటే 31.1 గ్రాములు. ఔన్సుకు ఒక డాలర్ అంటే పది గ్రాములకు 32 సెంట్లు. డాలరుకు 79 రూపాయలు వేసి, పైన పాత సుంకం 10.75 శాతం కలిపితే 28 రూపాయలే వస్తుంది. అంటే కుర్రాడి లెక్కలోనే పాత సుంకం దాగి ఉంది. సుంకం మారిన క్షణాన అతని ఇరవై ఎనిమిది తప్పు అంకె అవుతుంది, మరి అతనికా సంగతి తెలియదు. రచయిత దీన్ని ఎత్తి చూపలేదు. లెక్క చేసుకున్న పాఠకుడికి దొరుకుతుంది, చేసుకోని పాఠకుడికి కథ ఎక్కడా ఆగదు. ఇలా ఒక అంకెను కథ గర్భంలో పాతిపెట్టడం నేను తెలుగులో ఎక్కువగా చూడలేదు.

రాత్రి రెండున్నరకు అమెరికా మార్కెట్ కూడా ఒక గంట ఆగుతుంది. అప్పుడు పడుకుంటాడు. నాగపూర్ రోడ్డు మీద లారీల చప్పుడు ఆగదు, దాన్ని రచయిత ఒక్క వాక్యంలో ముగించాడు. మేడ్చల్‌లో ఉన్నవాళ్లకు ఆ చప్పుడు వినపడడం మానేసి చాలా కాలమైంది, కాబట్టి ఆ ఒక్క వాక్యం సరిపోతుంది. తెల్లవారుజామున లేచి చూస్తే మొత్తం ఎనిమిది డాలర్లు దిగి ఉంటుంది. ఇరవై ఎనిమిదితో గుణిస్తే తులానికి 224 రూపాయలు, లాటుకు 2,240. ఈ ఆనందం ఎవరితోనూ చెప్పుకోలేడు, ఇంట్లో ఎవరికీ తను ఆడుతున్న సంగతే తెలియదు. లేచి, ఎప్పుడూ చేయనివాడు, తల్లి చేతిలోంచి బక్కెట్ తీసుకుని నీళ్లు మోస్తాడు. "ఏంరా ఇయ్యాల?" అంటుంది తల్లి. "ఊకెనే" అంటాడు.

అతను చూసిన ధర అబద్ధం కాదు. ఆ జులై 1న ప్రపంచ మార్కెట్లో బంగారం నిజంగానే దిగి, ఔన్సు 1,800 డాలర్ల కిందికి కూడా వెళ్లింది. అదే రోజు మన దగ్గర దాదాపు మూడు శాతం ఎగిరింది. బయట దిగుతూ లోపల ఎక్కిన రోజది. కుర్రాడు సరైన దిక్కునే ఊహించాడు, అయినా ఓడిపోయాడు. తప్పుగా ఊహించి ఓడినవాడి కథ రాయడం తేలిక. సరిగ్గా ఊహించి ఓడినవాడి కథ రాయాలంటే ఆ సరుకు లోపలి మర్మం తెలిసి ఉండాలి. మన మార్కెట్లో బంగారం ధర అంటే ప్రపంచ ధర, డాలరు ధర, సుంకం, ఈ మూడూ కలిసినది. మొదటి రెండూ రాత్రంతా తెర మీద కదులుతుంటాయి. మూడోది ఏళ్ల తరబడి కదలదు, కదిలినప్పుడు మాత్రం ఒక్క దెబ్బకు కదులుతుంది.

వార్త వచ్చే తీరు కూడా చూడండి. టీవీ ఎవరూ పెట్టరు. కంపెనీ బస్సు దిగి, శామీర్‌పేట మీదుగా వచ్చిన తండ్రి, చెప్పులు విడుస్తూ ఫోన్ కొడుకు చేతికిస్తాడు. బస్సులో ఎవరో పంపిన వాట్సాప్. తండ్రికి కళ్లజోడు లేనిదే అక్షరాలు కనబడవు, కాబట్టి కొడుకును చదవమంటాడు. కొడుకు పైకి చదువుతాడు, తన గొంతుతోనే. చదవడం అయిపోయాక తండ్రి, "దిగుమతి సుంకం అంటే ఏందిరా?" అని అడుగుతాడు. కొడుకు నోట జవాబు రాదు. తల్లి పొయ్యి దగ్గర నుంచి, "బంగారం పిరమైతదా?" అని అడుగుతుంది. ఆర్థిక శాస్త్రమంతా ఆ 'పిరం' అనే ఒక్క మాటలో పట్టింది. సమయం 8:40. మార్కెట్ తెరవడానికి ఇంకా ఇరవై నిమిషాలు. ఈ ఇరవై నిమిషాల్లో అతనికి అన్నీ తెలుసు, చేయడానికి ఏమీ లేదు. ముందే ఆర్డరు పెట్టినా తెరిచిన ధరకే అమలవుతుంది. రచయిత ఆ ఇరవై నిమిషాలూ కుర్రాడి చేత తండ్రికి టీ పోయించాడు, అక్క చెవి కమ్మ మర ఊడిపోతే వెతికించాడు. ఆ మర దొరుకుతుంది కూడా.

తొమ్మిదికి ధర 51,900.

ఇక్కడ నేను కాగితం పక్కన పెట్టి మళ్లీ లెక్క చేశాను. 50,600లోంచి పాత సుంకం తీసేస్తే 45,688. దాని మీద కొత్త 15 శాతం వేస్తే 52,540 దాకా పోవాలి. రచయిత 51,900 దగ్గరే ఎందుకు ఆగాడు? అడిగితే నెమ్మదిగా చెప్పాడు. బయటి ధర దిగింది కాబట్టి కొంత తగ్గింది. ఇంకొంత, పాత సుంకం కట్టి తెచ్చుకున్న సరుకు వ్యాపారుల దగ్గర నిల్వ ఉంటుంది, వాళ్లు కాస్త తగ్గించి అమ్మినా లాభమే. కాబట్టి పెరిగిన సుంకం మొత్తం మొదటి రోజే ధరలో దిగదు. గుడ్డిగా శాతాలు వేసుకుని రాసేవాడైతే 52,500 అని రాసేవాడు. ఈ 600 రూపాయల తేడాలోనే రచయితకు ఆ బజారు తెలుసని నాకు అర్థమైంది.

1,300 ఇంటూ పది, 13,000. రెండు వేలకు మించి పోదనుకున్నచోట పదమూడు వేలు. 45,000 ఖాతా 32,000 అయింది, ఇంకో లాటు పట్టడానికే కష్టం. కుర్రాడు 9:04కు కొనేసి బయటపడతాడు. ఏడవడు, ఫోన్ విసిరికొట్టడు. 'లెక్క మూసిండు' అని ఒక్క ముక్క.

అమెరికా రచయిత ఫ్రాంక్ నోరిస్ కథ ఒకటి ఉంది, 'ఎ డీల్ ఇన్ వీట్'. 1903లో పుస్తకంగా వచ్చింది. చికాగో గోధుమ బజారులో పెద్దలు ధరను ఎత్తడం, దింపడం చేస్తుంటే, కాన్సాస్ రైతు ఒకడు గిట్టుబాటు లేక పొలం వదిలి నగరానికి వచ్చి, ఉచిత రొట్టె కోసం వరసలో నిలబడతాడు. ధర పెరిగి ఆ రొట్టె కూడా ఆగిపోతుంది. గొప్ప కథ. అయితే అందులో బజారు ఒక లోకం, రైతు ఇంకో లోకం. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడరు. మేడ్చల్ కథలో ఆ రెండూ ఒకే ఇంట్లో, ఒకే చాప మీద ఉన్నాయి. ధర ఆడేవాడూ వాడే, ధర దెబ్బ తినే ఇంటి పిల్లవాడూ వాడే.

దీని వెనక ఇంకొక లోతు ఉంది, నాకు మూడోసారి చదివినప్పుడు గాని అందలేదు. పెళ్లికి నాలుగు తులాలు కొనాల్సిన ఇల్లు, ఇంకా కొనలేదు. బంగారం పెరిగితే ఆ ఇంటికి నష్టం, దిగితే లాభం. బజారు భాషలో చెప్పాలంటే ఆ ఇల్లు అప్పటికే నాలుగు తులాలు అమ్మి కూర్చున్నట్టే లెక్క. ఆ ఇంటి పిల్లవాడు జాగ్రత్త కోసం మార్కెట్లోకి వెళ్లాలనుకుంటే చేయాల్సింది కొనడం. ఎంసీఎక్స్‌లో ఎనిమిది గ్రాముల గినీ, ఒక గ్రాము పెటల్ లాంటి చిన్న లాట్లు కూడా ఉన్నాయి. నాలుగు తులాలకు సరిపడా కొని ఉంటే, ఇంట్లో పెరిగిన ఖర్చు అక్కడి లాభంతో పూడేది. అతను పది తులాలు అమ్మాడు. ఇంటి నాలుగు, తన పది కలిపి పద్నాలుగు తులాల బరువు ఒకే దిక్కున పెట్టాడు. రెండు తక్కెడలూ ఒకేవైపు వంగాయి. కథలో ఈ విశ్లేషణ ఒక్క ముక్క కూడా లేదు. మూడో పేజీలో తల్లి ఒక మాట మాత్రం అంటుంది. "మనకు బంగారం బాకీ ఉన్నది బిడ్డా, ఇంకా తీరలే." అంతే. హెడ్జింగ్ మీద పుస్తకాలు చదివినవాళ్లు చెప్పేది ఆ తల్లి 'బాకీ' అనే మాటతో చెప్పేసింది. కొడుకు ఆ మాట విన్నాడు కానీ తన పనికి అన్వయించుకోలేదు.

కథ చివరి భాగం మేడ్చల్ బజారులో, అవుసలాయన దుకాణంలో. నల్లబల్ల మీద రోజూ సుద్దముక్కతో రేటు రాసి బయట పెడతాడు. ఆ రోజు బల్ల తడిగుడ్డతో తుడిచి ఉంది, కొత్త అంకె లేదు. తడి ఇంకా ఆరలేదు, నిన్నటి ఆరు అంకె తోక ఒకటి మూలన మిగిలి ఉంది. "రేటింకా రాలే అక్కా, జర కూసోండ్రి" అంటాడు. రాత్రంతా కుర్రాడు చూసిన వెలుగు తెరకు జవాబు ఈ తడి బల్ల. అక్కడ క్షణానికో అంకె, ఇక్కడ అంకే లేదు. తల్లి ఆ బల్ల వంక చూస్తూ కూర్చుంటుంది. కొడుకు మాత్రం చూడలేడు. ఆ బల్ల మీద ఏం రాయబోతున్నారో ఆ దుకాణంలో అవుసలాయన తర్వాత తెలిసినవాడు అతనొక్కడే.

రేటు ఫోన్లో వస్తుంది. తల్లి రుమాలు ముడి విప్పుతుంది. నాలుగు తులాలకు సరిగ్గా లెక్కబెట్టి తెచ్చిన డబ్బు. మజూరీకి విడిగా పెట్టుకున్నారు. 22 క్యారెట్ల లెక్కన, మూడు శాతం జీఎస్టీతో కలిపి ఆ డబ్బుకు ఇప్పుడు 39 గ్రాములు వస్తుంది. ఒక్క గ్రాము తక్కువ. ఇది కూడా లెక్క వేసి చూశాను, తేడా లేదు.

అవుసలాయన తక్కెడ పళ్లెంలోంచి రెండు గుండ్లు తీసి పక్కన పెడతాడు. అవి దొర్లకుండా వేలితో ఆపుతాడు.

ఇంతే ఆ ఇంటికి జరిగిన నష్టం, రెండు గుండ్లు. దాదాపు అయిదు వేల రూపాయలు. తల్లి, "శాతనైతే మల్లెప్పుడన్న గుచ్చుకుందాం" అని అక్కతో అంటుంది. పళ్లెం వంక చూస్తున్న కొడుకు మనసులో ఇంకో అంకె ఉంది. పొద్దున 9:04కు పోయిన పదమూడు వేలకు రెండున్నర గ్రాములకు పైనే వచ్చేది. ఆ రెండు గుండ్లే కాదు, ఇంకో మూడు కూడా కొనగలిగేవాడు. రచయిత ఈ మాట రాయలేదు. 'చిన్నోడు నోట్లె లెక్క పెట్టుకున్నడు' అని మాత్రం రాశాడు. లెక్క ఏమిటో మనకే వదిలేశాడు. ఇంత పెద్ద పొదుపు ఇంత చిన్న వయసులో ఎలా వచ్చిందో నాకు తెలియదు.

లోపాలు లేవని కాదు. నాలుగో పేజీలో లాటు అంటే ఏమిటో, మార్జిన్ అంటే ఏమిటో స్నేహితుడితో చెప్పిస్తాడు. పాఠకుడి కోసం తెచ్చిన స్నేహితుడు, ఆ పేజీ దాటాక మళ్లీ కనిపించడు. అది తీసేసినా కథకు ఏమీ కాదు, 28, 51,900 అనే అంకెలు తమ పని తాము చేసుకుంటాయి. అక్క పాత్ర మరీ మూగగా ఉంది. ఆ గుండ్లు పడాల్సింది ఆమె మెడలో. పళ్లెంలోంచి వాటిని తీస్తున్నప్పుడు ఆమె కళ్లు ఎటు పోయాయో నాకు తెలుసుకోవాలని ఉంది. ఈ రెండూ చెప్పాను. మొదటిది ఒప్పుకున్నాడు, రెండోదానికి ఆలోచిస్తానన్నాడు.

కాలాన్ని వాడుకున్న తీరు మాత్రం ఎక్కడా వంక పెట్టడానికి లేదు. ఆ జూన్ 30నే గోల్కొండలో ఆషాఢ బోనాలు మొదలయ్యాయి. ఇంకో రచయితైతే డప్పులు, పోతరాజు, పసుపు నీళ్లు తెచ్చి రెండు పేజీలు నింపేవాడు. ఇతను తల్లి చేత, "గోల్కొండల షురువైనయంట, మన కాడికి ఇంకా దినాలున్నయి" అనిపించి వదిలేశాడు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, శ్రావణానికి నెల ఉంది, కొనడానికి తొందర లేదని ఇంట్లో అందరూ అనుకోవడానికి ఆ ఒక్క వాక్యమే ఆధారం. అలంకారంగా కనిపించేది నిజానికి కథకు మూలస్తంభం.

పేరు విషయం. మార్కెట్ నిన్న మూసిన ధరకూ ఈ రోజు తెరిచిన ధరకూ మధ్య ఖాళీని ట్రేడర్లు గ్యాప్ అంటారు. మన మాటలో సందు. ఆ ఇల్లు ఉన్నది కూడా హైవే పక్క ఒక ఇరుకు సందులోనే. 'సందు' అని పెట్టమన్నాను. ఇంకా ఏమీ చెప్పలేదు.

ఇంకో సంగతి కూడా అడిగాను. 2024 జులై 23న బడ్జెట్‌లో అదే సుంకాన్ని 15 నుంచి 6 శాతానికి తగ్గించారు. ఒక్క రోజులో తులానికి వేలల్లో దిగింది. ముందు అమ్మి కూర్చున్నవాడికి పండగ లాంటి రోజది. కుర్రాడు పోగొట్టుకున్నదంతా ఆ రోజు తిరిగి వచ్చినట్టు ఒక చివరి పేజీ రాస్తే ఎలా ఉంటుందని అడిగాను. కాసేపు ఆలోచించి, "ఆ గుండ్లు అప్పటికే వేరేటోళ్లు కొనుక్కపోయిన్రు సార్" అన్నాడు. ఆ పేజీ రాయలేదు. రాయకపోవడమే సరైంది.